పైపుకు పైపు అతికే ముందు: సమానమైన గ్యాప్, లోపలి దాకా దిగిన రూట్

పైపు జాయింటు ఫెయిలైతే అందరూ ముందు వెల్డర్ చెయ్యి వైపే చూస్తారు. నా లెక్కలో సగానికి పైగా తప్పులు ఆర్క్ వెలగకముందే జరిగిపోతాయి. గ్యాప్ ఒకచోట 3 మి.మీ., ఇంకోచోట 1.5 ఉంటే ఎంత చేయి తిరిగినవాడైనా రెండుచోట్లా ఒకేలాంటి రూట్, అంటే లోపలి అంచులను కలిపే మొదటి పొర, వేయలేడు. అందుకే ఇక్కడ ఫిటప్, అంటే అతికే ముందు పైపులను సరిగ్గా అమర్చుకోవడం గురించే ఎక్కువ చెబుతాను. అన్నిటికన్నా పైన వేసే చివరి పొర, క్యాపింగ్ గురించి నాలుగు మాటలతో సరిపెడతాను.

మాట గాలిలో ఉండకుండా ఒకే పైపు తీసుకుందాం. 6 అంగుళాల షెడ్యూల్ 40 కార్బన్ స్టీల్ పైపు. బయటి వ్యాసం 168.3 మి.మీ., గోడ మందం 7.11 మి.మీ. పైపు అడ్డంగా పడుకుని ఉంటుంది, తిప్పడానికి వీల్లేదు, మనమే దాని చుట్టూ తిరగాలి. రూట్ టిగ్ వెల్డింగ్‌తో, అంటే ఆర్గాన్ కాపుతో టంగ్‌స్టన్ మొన నుంచి వచ్చే ఆర్క్‌తో. పైన గాడి నింపే ఫిల్లింగ్, క్యాపింగ్ 7018 వెల్డింగ్ రాడ్డుతో. స్టెయిన్‌లెస్ అయితే లోపల ఆర్గాన్ నింపి పర్జింగ్ చేయాలి, మామూలు కార్బన్ స్టీల్‌కు ఆ పని లేదు.

అంచు తయారీ

రెండు పైపుల అంచులకూ 37.5 డిగ్రీల బెవెల్, అంటే వాలు కోత, పెట్టండి. రెండూ కలిస్తే 75 డిగ్రీల వి ఆకారం వస్తుంది. బెవెల్‌ను కత్తిలా పదునుగా వదలకండి. కొసన 1.5 మి.మీ. మందం మిగలాలి. దాన్నే ల్యాండ్ అంటాం, కొందరు రూట్ ఫేస్ అంటారు. ల్యాండ్ లేకపోతే ఆర్క్ తగలగానే అంచు కరిగి కారిపోతుంది. మరీ మందంగా ఉంటే లోపలి అంచు కరగకుండా అలాగే నిలబడిపోతుంది. ల్యాండ్ చుట్టూ ఒకే మందంలో రావడానికి చివరి పని గ్రైండర్‌తో కాకుండా ఆకురాయితో చేయండి. కొంచెం ఆలస్యమైనా చెయ్యి అదుపులో ఉంటుంది.

తర్వాత బెవెల్ మీద, బయట ఒక 25 మి.మీ., లోపల కూడా అంతే వెడల్పున మెటల్ మెరిసేదాకా శుభ్రం చేయండి. లోపలి వైపు చాలామంది వదిలేస్తారు. రూట్ పూస ఏర్పడేది అక్కడే. లోపల తుప్పు, నూనె, నల్లటి మిల్ పొర ఉంటే గాలి బుడగలు మిగిలేదీ అక్కడే. పాత పైపైతే ఇంకో జాగ్రత్త: లోపల ఇంతకుముందు ఏం ప్రవహించిందో తెలియకుండా, కడిగి ఖాళీ చేయించకుండా దాని దగ్గర ఆర్క్ వెలిగించకండి.

వైరు పెట్టకముందే పైపులను ఆనించి చూడండి

గ్యాప్ కోసం అందరూ చేసే పని 3.2 మి.మీ. ఫిల్లర్ వైరును హెయిర్‌పిన్‌లా వంచి జాయింటులో దూర్చడం. మంచి పద్ధతే. మొదటి అడుగుగా మాత్రం చేయకండి. ఎందుకంటే వైరు ఉన్నచోటల్లా గ్యాప్ సమానంగానే కనిపిస్తుంది. పైపు కోత వంకరగా ఉంటే గ్యాప్‌ను సమానం చేయడానికి పైపే వంగి కూర్చుంటుంది. మీరు గ్యాప్ చూసి సంతోషిస్తారు, అవతలి కొస లైనులో ఉండదు.

ముందు రెండు పైపులనూ ఒక తిన్నని సి-ఛానెల్ మీద, దాని రెండు అంచుల మధ్య పడుకోబెట్టండి. బయటి వ్యాసం ఒకటే కాబట్టి ఛానెల్ వాటిని తనంతట తానే లైనులో ఉంచుతుంది, వంగనివ్వదు. ఇప్పుడు రెండు మొహాలూ ఆనించి, లోపల టార్చి పెట్టి బయటినుంచి చూడండి. వెలుతురు చుట్టూ ఒకేలా వస్తే, లేదా అసలు రాకపోతే కోత మూలమట్టానికి ఉన్నట్టే. ఒకవైపు సందు కనిపిస్తే ఏదో ఒక పైపు కోత వాలుగా ఉంది.

ఏ పైపుది తప్పో తేల్చడం తేలిక. రెండింటి మీదా నడినెత్తిన సుద్దతో గీత పెట్టండి. ఒక పైపును కదపకుండా ఇంకోదాన్ని పావు చుట్టు తిప్పండి. సందు కూడా దాంతోపాటు తిరిగితే తిప్పినదే దోషి. సందు ఉన్నచోటే ఉంటే కదపనిది దోషి. రెండింటిలోనూ కొంత కొంత ఉంటే తిప్పుతూ పోతే ఒకచోట ఒకదాని వంకర ఇంకోదాని వంకరతో సరిపోతుంది. ఆ స్థానంలో గీతలు పెట్టుకుని ఆపేయండి, గ్రైండర్ జోలికే పోనక్కర్లేదు.

తిప్పేటప్పుడే ఇంకో విషయం కూడా చూడాలి. అది హై-లో, అంటే లోపలి అంచులు ఒకదానికొకటి మెట్టులా ఎక్కువ తక్కువగా ఉండడం. బయట వేలు పెట్టి తడిమితే సమానంగానే తగలొచ్చు. కానీ మామూలు సీమ్‌లెస్ పైపు గోడ లెక్క ప్రకారం ఉండాల్సినదాని కన్నా 12.5 శాతం దాకా పలుచగా ఉన్నా ఒప్పుకుంటారు. మన 7.11 కాస్తా ఒకచోట 6.2 ఉండవచ్చు. అందుకే లోపల వేలు పెట్టి తడమండి, లేదా హై-లో గేజితో కొలవండి. 1.5 మి.మీ. మించితే ఒప్పుకోకండి. 1 లోపు తేగలిగితే రూట్ వేసేటప్పుడు ఎంత సుఖమో అప్పుడు తెలుస్తుంది. ఎత్తుగా ఉన్న అంచు ఆర్క్‌కు అందుతుంది, పల్లంలో ఉన్నది అందదు. అలాంటి జాయింటులో ఒకవైపే పెనెట్రేషన్, అంటే లోపలి దాకా కరిగి దిగడం, వస్తుంది.

గ్యాప్ తేడా వచ్చినప్పుడు: ఒక లెక్క

ఒకసారి నాకు ఎదురైన కొలతలు చెబుతాను. జాయింటును గడియారంలా అనుకోండి. 12 గంటల చోట గ్యాప్ 3.6, 3 దగ్గర 2.9, 6 దగ్గర 2.2, 9 దగ్గర 2.9. పైపులు ఛానెల్ మీదే ఉన్నాయి, కాబట్టి వంకర లైనుది కాదు, కోతది. తిప్పి చూస్తే బిగుతు చోటు ఎడమ పైపుతోనే తిరిగింది. కుడి పైపు కోత సరిగ్గా ఉంది. కింద 1.4 మి.మీ. ఎక్కువ ఉన్నది ఎడమ పైపుకే.

నాతో ఉన్న ఫిట్టర్ గ్రైండర్ తీసుకుని ఎడమ పైపు మొహాన్ని కింద 1.4, పక్కల్లో 0.7, పైన సున్నా వచ్చేలా నున్నగా తీసేశాడు. గ్యాప్ చుట్టూ 3.6 వచ్చింది. ఎడమ పైపును అర మి.మీ. ముందుకు జరిపితే చుట్టూ 3.1. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రూట్ వేసి లోపల టార్చి కొట్టి చూస్తే కింద ఒక జానెడు పొడవున పూస లేదు. పైపు అసలు అంచు గీత గీసినట్టు తిన్నగా, పదునుగా కనిపిస్తోంది.

గ్యాప్ సరిపోయింది కదా, ఎక్కడ పోయింది? ల్యాండ్ దగ్గర. బెవెల్ వాలుగా ఉంటుంది కాబట్టి మొహం మీద 1 మి.మీ. అరగదీస్తే ల్యాండ్ మందం దాదాపు 1.3 మి.మీ. పెరుగుతుంది. కింద 1.4 తీశాడు, అంటే ల్యాండ్‌కు 1.8 కలిసింది. 1.5 ఉండాల్సినది 3.3 అయింది. గోడలో దాదాపు సగం. 100 ఆంపియర్ల టిగ్ ఆర్క్ అంత మందాన్ని కరిగించి అవతలికి దిగలేదు.

కాబట్టి గ్యాప్ కోసం మొహం అరగదీసిన ప్రతిసారీ వెంటనే అక్కడ బెవెల్‌ను కూడా వెనక్కి తీసి ల్యాండ్‌ను మళ్లీ 1.5కు తెచ్చుకోండి. ఈ ఒక్క పని మరచిపోవడం వల్ల పోయిన జాయింట్లు నేను చాలా చూశాను, అందులో నావీ ఉన్నాయి.

గ్యాప్ వైరు, టాకులు

కోత సరిచూసుకున్నాక ఇప్పుడు 3.2 వైరు దూర్చండి. మనకు కావలసింది 3 దగ్గర గ్యాప్. టాకు, అంటే పైపులను పట్టి ఉంచే చిన్న అతుకు, చల్లారుతూ పైపులను దగ్గరికి లాగుతుంది కాబట్టి ఆ కాస్త ముందే ఎక్కువ పెట్టుకోవాలి.

టాకులు నాలుగు. 12, 3, 6, 9 గంటల దగ్గర వేయకండి. రూట్ మొదలయ్యేది 6 దగ్గర, ముగిసేది 12 దగ్గర. ఆ రెండుచోట్లా టాకు అడ్డం వస్తే మొదటి కీహోల్, అంటే రెండు అంచులూ కరిగి మధ్యలో తెరుచుకునే చిల్లు, తెరవడమే కష్టమవుతుంది. ఒకటిన్నర, నాలుగున్నర, ఏడున్నర, పదిన్నర గంటల చోట్ల వేయండి. చోటు గుర్తించడానికి టేపు చాలు. చుట్టుకొలత 529 మి.మీ. దగ్గర ఉంటుంది, అందులో నాలుగో వంతు 132. నడినెత్తి గీత నుంచి అటూ ఇటూ 66 కొలిచి గుర్తు పెట్టుకుంటే పై రెండు టాకులు. అక్కడినుంచి 132 చొప్పున కిందకి కొలిస్తే మిగతా రెండు.

మొదటి టాకు వేయగానే వైరు బిగుసుకోకముందే లాగేయండి. రెండో టాకు పక్కన కాదు, సరిగ్గా ఎదురుగా వేయాలి. ఒకటిన్నర దగ్గర మొదలుపెడితే తర్వాతది ఏడున్నర దగ్గర. అంటే ఛానెల్ మీదే పైపులను సగం చుట్టు తిప్పి పైకి తెచ్చుకుని వేయడమే. రెండు టాకులు పడ్డాక ఆగి మిగతా రెండుచోట్లా గ్యాప్ కొలవండి. ఒకవైపు 3.2, ఇంకోవైపు 2.8 ఉంటే మూడో టాకు వెడల్పుగా ఉన్నచోట వేయండి. అది చల్లారుతూ ఆ వైపును లాగి దగ్గర చేస్తుంది, ఎదుటి వైపు కొద్దిగా తెరుచుకుంటుంది. సుత్తి పట్టి కొట్టే బదులు లోహం ముడుచుకునే గుణాన్నే వాడుకోవడం నాకిష్టం.

ఈ టాకులు చివరికి జాయింటులో భాగమే అవుతాయి. అందుకని రూట్ వేసినంత శ్రద్ధగా, లోపలికి దిగేలా, 20 మి.మీ. పొడవున వేయండి. తర్వాత ప్రతి టాకు రెండు కొసలనూ సన్నటి డిస్కుతో చీపురు పుల్ల కొసలా పలచబడేలా వాలుగా గ్రైండ్ చేయండి. మొద్దుగా వదిలిన టాకు కొస దగ్గర కొత్త రూట్ దాని మీదికి ఎక్కి పోతుందే తప్ప దానితో కలవదు. పగుళ్లు కనిపించిన టాకు ఉంటే మొత్తం తీసేసి మళ్లీ వేయండి.

అంతా అయ్యాక చుట్టూ గ్యాప్ మళ్లీ కొలవండి. 2.5 కన్నా తక్కువ ఎక్కడా లేకుండా చూసుకుని, అప్పుడు పైపును దాని స్థానంలో బిగించండి.

రూట్ రన్

2.4 మి.మీ. టంగ్‌స్టన్, 2.4 మి.మీ. 70ఎస్-2 ఫిల్లర్ వైరు, టిగ్ టార్చ్ మెషిన్ మైనస్‌కు. కరెంటు 90 నుంచి 110 ఆంపియర్ల మధ్య, ఆర్గాన్ నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు. మిగిలిన పైపు ముక్క మీద ఒకసారి వేసి చూసుకుంటే మీ మెషిన్‌కు ఏది నప్పుతుందో తెలుస్తుంది. పెద్ద పనుల్లో వెల్డింగ్ ప్రొసీజర్ కాగితం ఇస్తారు. అది చేతిలో ఉంటే దానిలోని అంకెలే లెక్క, నావి కాదు.

ఆర్క్ వెలిగించే ముందు పైపు రెండు కొసలూ చూడండి. రెండూ తెరిచి ఉంటే పైపులో గాలి పొగగొట్టంలో లాగినట్టు లాగుతుంది. గ్యాప్ గుండా బయటికి వచ్చి ఆర్గాన్‌ను చెదరగొడుతుంది, రూట్ నిండా బుడగలు పడతాయి. ఒక కొస మూయండి. రెండూ గాలి చొరకుండా మూసేస్తే ఇంకో చిక్కు. లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, చివర్లో కీహోల్ మూసుకునే క్షణంలో ఆ గాలి కరిగిన లోహాన్ని బయటికి ఊదేసి చిల్లు పెడుతుంది. అందుకే మూసిన మూతకు చిన్న రంధ్రం ఉంచండి.

6 గంటల చోటు దాటి అవతలి వైపు ఒక 10 మి.మీ. నుంచి మొదలుపెట్టి 6 మీదుగా పైకి రండి. ఇంకో సగానికి వచ్చినప్పుడు ఆ కలయిక సరిగ్గా అడుగున పడకుండా ఉంటుంది. ఆర్క్‌ను రెండు అంచుల మీదా ఆడించండి. వైరు పెట్టడానికి తొందరపడకండి. రెండు ల్యాండ్లూ చెమర్చినట్టు మెరిసి, కరిగి, మధ్యలో గుండ్రటి చిల్లు తెరుచుకుంటుంది. అదే కీహోల్. గ్యాప్ కన్నా కొంచెం వెడల్పుగా, రెండు వైపులా అంచును దాదాపు ఒక మి.మీ. చొప్పున కొరికినట్టు ఉండాలి. కీహోల్ కనబడుతున్నంతసేపూ లోపలికి దిగుతోందన్నమాట. అది మూసుకుపోయినా మీరు వైరు పెడుతూ పోతుంటే బయట అందమైన పూస, లోపల ఖాళీ.

కీహోల్ పెద్దదవుతూ ఉంటే వేడి ఎక్కువైంది. కొంచెం వేగంగా కదలండి, వైరు ఎక్కువ ఇవ్వండి. చిన్నదవుతూ ఉంటే ఆగండి, వైరు ఇవ్వకండి, ఆర్క్ దగ్గరికి తీసుకుని అంచులు మళ్లీ కరిగేదాకా చూడండి. రూట్ రన్‌లో నైపుణ్యమంతా ఈ ఒక్క చిల్లును ఒకే సైజులో ఉంచడంలోనే ఉంది.

చుట్టూ ఒకే తీరుగా వేయడం మాత్రం కుదరదు. అడుగున 6 గంటల దగ్గర కరిగిన లోహం బరువుకు మీవైపు, అంటే బయటికి జారుతుంది. దాంతో పైపు లోపల పూస ఉబ్బకుండా గుంట పడుతుంది. దీన్ని సక్-బ్యాక్ అంటారు. అందుకు విరుగుడు వైరును కీహోల్ అంచు మీద కాకుండా గ్యాప్ లోపలికి తోసి పైపు లోపలి అంచు ఎత్తులో కరిగించడం. వైరు 2.4, గ్యాప్ 3 కాబట్టి దూరుతుంది. గ్యాప్ 2కు తగ్గితే దూరదు. ఫిటప్ గురించి అంతసేపు చెప్పింది ఇందుకే. ఆర్క్ పొట్టిగా ఉంచండి, ఒకేసారి ఎక్కువ లోహం కరిగి నిలవకుండా చూసుకోండి. 3 గంటల నుంచి పైకి వెళ్తుంటే పరిస్థితి తిరగబడుతుంది. 12 దగ్గర లోహం లోపలికి వేలాడుతుంది, వైరును అంచు మీదే పెట్టి వేగంగా సాగిపోవాలి.

ఆపాల్సి వచ్చినప్పుడు మధ్యలో టక్కున ఆపకండి. ఆర్క్‌ను బెవెల్ గోడ మీదికి లాగి మెల్లగా తగ్గించండి, గ్యాస్ రావడం ఆగేదాకా టార్చ్ అక్కడే ఉంచండి. లేకపోతే మధ్యలో సూదిమొనంత చిల్లు మిగులుతుంది. ఆగినచోటును టాకు కొసలాగే వాలుగా గ్రైండ్ చేసి, కొంచెం వెనకనుంచి మొదలుపెట్టి, కీహోల్ మళ్లీ తెరుచుకున్నాకే వైరు ఇవ్వండి.

ఒక సగం వేశాక రెండో సగం గ్యాప్ మళ్లీ కొలవండి. ముడుచుకుని 2 దగ్గరికి వచ్చి ఉంటే అలాగే వేయకండి. సన్నటి డిస్కును గ్యాప్‌లో నిలువుగా పోనిచ్చి రెండు అంచులనూ సమానంగా తీయండి. ఒక్కో వైపు అర మి.మీ. పోతుంది, ల్యాండ్ 0.65 దాకా పెరుగుతుంది కాబట్టి బెవెల్‌ను కూడా వెనక్కి తీసి మళ్లీ 1.5కు తెచ్చుకోండి. గ్యాప్‌లో డిస్కు పట్టేసి ఎగిరిపడే ప్రమాదం ఉంది. రెండు చేతులతో పట్టుకోండి, మొహానికి షీల్డ్ ఉండాలి, డిస్కు తిరిగే వరుసలో నిలబడకండి.

రూట్ మీద పొరలు

రూట్ పలుచన. దాని మీద నేరుగా 3.15 రాడ్డు పెట్టి ఆంపియర్లు పెంచితే చిల్లు పడుతుంది. అందుకని రెండో పొర కూడా టిగ్‌తో వేయండి, లేదా 2.5 మి.మీ. 7018తో 80–90 ఆంపియర్లలో వేయండి. ఆ తర్వాత 3.15 రాడ్డుతో 105–120 దగ్గర ఫిల్లింగ్. ఈ రాడ్డు తడి పీలుస్తుంది, ప్యాకెట్ మీద రాసినట్టు ఓవెన్‌లో కాల్చి వేడి పెట్టెలోనుంచే తీసి వాడండి. ప్రతి పొరకూ పైన గట్టిపడే స్లాగ్ పెచ్చును పూర్తిగా తీసి, మొదలుపెట్టే చోటు మార్చుతూ వెళ్లండి. పైపు ఉపరితలానికి ఒక మి.మీ. కింద ఫిల్లింగ్ ఆపితే బెవెల్ అంచులు గీతల్లా కనిపిస్తూ క్యాపింగ్‌కు దారి చూపిస్తాయి. క్యాప్ ఎత్తు 2 మి.మీ. లోపు చాలు.

లోపల ఏం చూడాలి

రూట్ అయిన వెంటనే, ఫిల్లింగ్‌కు ముందే, లోపలికి చూడండి. దగ్గరైతే టార్చి, అద్దం చాలు. దూరమైతే కెమెరా దూర్చాలి. చుట్టూ 1 నుంచి 2 మి.మీ. ఎత్తున పూస ఉండి, రెండు వైపులా పైపులో కలిసిపోయి ఉండాలి. రెండు పదునైన అంచులు సమాంతరంగా గీతల్లా కనిపిస్తే పెనెట్రేషన్ లేదు. ఒకే అంచు కనిపిస్తే అక్కడ హై-లో ఉంది, లేదా వెల్డింగ్ టార్చ్ ఒకవైపే మొగ్గింది. రేడియోగ్రఫీ ఫిల్మ్ మీద కూడా ఇదే కథ. జాయింటు నడిమధ్యన స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా నల్లగీత వస్తే అది రూట్ దిగకపోవడమే. సక్-బ్యాక్ అయితే అంచులు మసకగా ఉన్న వెడల్పాటి నల్లటి పట్టీలా వస్తుంది.

ఆ రోజు మా జాయింటులో కింద జానెడు పొడవున పోయిన చోటును పైనుంచి మళ్లీ వేడిచేసి దింపేద్దాం అన్నాడు ఫిట్టర్. అది కుదరదు. 3.3 మి.మీ. ల్యాండ్ అలాగే ఉంది, దానిపైన రూట్ లోహం కూడా చేరి ఇంకా మందమైంది. ఆ జానెడుకు అటూ ఇటూ ఇంకో 20 మి.మీ. మంచి లోహం వచ్చేదాకా గ్రైండ్ చేసి, గ్యాప్ మళ్లీ తెరిచి, ఎడమ పైపు బెవెల్‌ను వెనక్కి తీసి ల్యాండ్ 1.5కు తెచ్చాం. రెండు కొసలూ పలుచగా వాల్చాం. గ్యాప్ 2.8 వచ్చింది. అడుగున పడుకుని వైరును లోపలికి తోస్తూ వేస్తే రెండో చూపులో పూస కనబడింది, అది కూడా 6 గంటల దగ్గర అర మి.మీ. ఎత్తునే. దాని మీదే ఫిల్లింగ్ వేశాం.